తప్పుగా చూపిన ఖర్చు, సవరణ పద్దు, పన్ను అధికారికి లేఖ

గతంలో దాఖలు చేసిన రిటర్నులో ఒక ఖర్చును తప్పుగా చూపించి ఆదాయం తగ్గించుకున్నట్టు తర్వాత బయటపడితే, అకౌంటెంట్ రెండు పనులు చేయాలి. లెక్కల పుస్తకాల్లో ఆ తప్పును సరిదిద్దుతూ సవరణ పద్దు రాయాలి. ఆ పద్దు ఎందుకు రాయవలసి వచ్చిందో, దానివల్ల ఏ సంవత్సరం పన్ను ఎంత మారుతుందో పన్ను అధికారికి లేఖలో వివరించాలి. ఈ రెండూ ఒకే పని అనుకోవడం దగ్గరే చాలా లేఖలు చెడిపోతాయి. పుస్తకాల్లో సవరణ పద్దు పడేది ఈ ఏడాది లెక్కల్లో. పన్ను మారేది మాత్రం తప్పు జరిగిన ఏడాదికి. ఈ రెండు సంవత్సరాల మధ్య ఉన్న సంబంధాన్ని అంకెలతో చూపించడమే లేఖ పని.

ఇలాంటి తప్పుల్లో తరచుగా కనిపించేది మరమ్మతుల ఖాతాలో జరిగేది. కొత్తగా కట్టిన దాన్ని, కొత్తగా కొన్నదాన్ని మరమ్మతుగా రాసేస్తారు. ఆదాయపు పన్ను చట్టం, 1961 ప్రకారం వ్యాపార భవనాల మరమ్మతు ఖర్చును ఆ ఏడాది ఆదాయం నుంచి పూర్తిగా తీసేయవచ్చు. మూలధన వ్యయాన్ని అలా తీసేయడానికి వీల్లేదు. దానిపై ఏటా తరుగుదల మాత్రమే దొరుకుతుంది. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో సరవణ స్పిన్నింగ్ మిల్స్ కేసులో 2007లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఉన్న ఆస్తిని ఉన్నట్టుగా నిలబెట్టుకోవడానికి పెట్టినదే మరమ్మతు ఖర్చు. కొత్త ఆస్తినో, ఇంతకుముందు లేని కొత్త ప్రయోజనాన్నో తెచ్చిపెట్టేది మరమ్మతు కాదు. కారుతున్న రేకులు మార్చడం మరమ్మతు, ఖాళీ స్థలంలో కొత్త రేకుల షెడ్డు వేయడం మూలధన వ్యయం.

ఉదాహరణకు తూర్పు గోదావరి వైపు ఒక రైస్ మిల్లును తీసుకోవచ్చు. నడుపుతున్నది భాగస్వామ్య సంస్థ. 2022 ఆగస్టులో మిల్లు ఆవరణలో ధాన్యం నిల్వకు కొత్త గోదాము షెడ్డు వేయించారు. కాంట్రాక్టరుకు ఇచ్చింది 12 లక్షల రూపాయలు. అదే నెలలో పాత గోదాముల పైకప్పులు కూడా బాగు చేయించారు. రెండు పనులూ ఒకే కాంట్రాక్టరు చేశాడు. బిల్లులు ఒకే కట్టలో వచ్చాయి, గుమాస్తా వాటన్నిటినీ ‘భవనాల మరమ్మతులు’ అనే ఖాతాలో రాసేశాడు. 2022-23 ఆర్థిక సంవత్సరానికి సంస్థ 38,40,000 రూపాయల ఆదాయం చూపించి రిటర్ను వేసింది, దానిపై పన్ను కట్టేసింది. అప్పటి ఆడిట్‌లోనూ ఇది దొరకలేదు. దొరక్కపోవడానికి కారణం ఉంది. ఇలాంటి తప్పును అకౌంటెన్సీ పాఠ్యపుస్తకాలు సిద్ధాంతపరమైన తప్పు అంటాయి. డెబిట్ పడవలసిన ఖాతా మారిందే తప్ప, డెబిట్ పడింది, క్రెడిట్ పడింది, మొత్తాలు సమానం. అంకణా చక్కగా కుదురుతుంది. లెక్క కుదిరినంత మాత్రాన తప్పు లేదనడానికి వీల్లేదు.

తప్పు 2024 సెప్టెంబరులో, 2023-24 లెక్కల ఆడిట్ జరుగుతున్నప్పుడు బయటపడింది. అగ్నిప్రమాద బీమా పాలసీలో మూడు గోదాములున్నాయి. స్థిరాస్తుల పట్టికలో రెండే ఉన్నాయి. మూడోది ఎక్కడిదని ఆడిటర్ అడిగితే పాత బిల్లుల కట్ట తీశారు. బిల్లు మీద ‘కొత్త గోదాము షెడ్డు నిర్మాణం’ అని స్పష్టంగా రాసి ఉంది. ఇలాంటి తప్పులు పట్టుకోవడానికి బీమా పాలసీ, బ్యాంకుకు తనఖా పెట్టిన ఆస్తుల జాబితా, ఆవరణలో ఒకసారి తిరిగి కళ్లతో చూడడం, ఈ మూడూ ఖాతా పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. ఒక ఏడాది మరమ్మతుల మొత్తం ముందు వెనుక ఏళ్ల కంటే ఒక్కసారిగా పెరిగి మళ్లీ పడిపోవడం కూడా గట్టి సూచనే.

తప్పు దొరికాక మొదట తేల్చుకోవలసింది దాన్ని సరిదిద్దుకోవడానికి ఏ దారి ఇంకా తెరిచి ఉందన్నది. 2022-23 ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన మదింపు సంవత్సరం 2023-24. దానికి సవరించిన రిటర్ను వేసే గడువు 2023 డిసెంబరు 31తో ముగిసింది. ఆ తేదీకి ముందే తప్పు దొరికి ఉంటే సవరించిన రిటర్ను వేసి, తేడా పన్ను వడ్డీతో కట్టేస్తే సరిపోయేది, వివరణ లేఖ అవసరమే ఉండేది కాదు. ఆ గడువు దాటాక 2022లో వచ్చిన ‘అప్‌డేటెడ్ రిటర్ను’ ఉంది. వాడుకలో దాన్ని ఐటీఆర్-యు అంటారు. మదింపు సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వేస్తే, పన్ను, వడ్డీ కలిపిన మొత్తంపై 25 శాతం అదనంగా కట్టాలి, ఆలస్యం పెరిగేకొద్దీ ఆ శాతమూ పెరుగుతుంది. అయితే ఆ సంవత్సరానికి మదింపు విచారణ నడుస్తుంటే ఐటీఆర్-యు వేయడానికి వీల్లేదు. ఈ మిల్లుకు 2024 జూన్‌లోనే స్క్రూటినీ నోటీసు వచ్చింది. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. మిగిలింది విచారణ జరుపుతున్న అధికారికి లేఖ రాసి, సవరించిన ఆదాయ లెక్క ఇచ్చి, ఆ ప్రకారం మదింపు చేయమని కోరడం ఒక్కటే.

‘సవరణ’ అనగానే కొందరు చట్టంలోని 154వ సెక్షన్ కింద దరఖాస్తు పెడతారు. అది రికార్డు చూడగానే కనిపించే పొరపాటును దిద్దడానికి ఉన్న సెక్షన్. గోదాము కొత్తదా పాతదా అన్నది రిటర్ను చూస్తే తెలియదు, బిల్లు చూడాలి, వివరణ వినాలి. అది 154 పరిధిలోకి రాదు. మరికొందరు ఈ మొత్తాన్ని ఈ ఏడాది ఆదాయంగా చూపించేస్తే పోతుందంటారు. గతంలో తగ్గించుకున్న ఖర్చు తర్వాత తిరిగి చేతికొస్తే, ఆ వచ్చిన ఏడాది ఆదాయంగా లెక్కగట్టే 41(1) సెక్షన్ ఒకటి ఉంది. ఇక్కడ ఎవరూ డబ్బు తిరిగి ఇవ్వలేదు, బాకీ మాఫీ కాలేదు. తప్పు రాత సరిదిద్దడం ఆదాయం కాదు. ఆదాయం ఏ ఏడాదిదైతే ఆ ఏడాదిలోనే పన్ను పడాలి.

ఇక పద్దు. 2022-23 పుస్తకాలు మూసేశారు, ఆడిట్ అయింది, ఆ లాభనష్టాల ఖాతా పన్ను శాఖ దగ్గరా బ్యాంకు దగ్గరా ఉంది. టాలీలో పాత ఏడాదికి వెళ్లి వోచరు మార్చేయడం రెండు నిమిషాల పని. అలా చేస్తే పుస్తకాలకూ ఆడిట్ అయిన లెక్కలకూ పొంతన పోతుంది. తప్పును దిద్దినట్టు కాక, తప్పు జరిగిన ఆనవాలు చెరిపినట్టు అవుతుంది. పుస్తకాల్లో తప్పుడు పద్దు రాయడాన్ని చట్టం తీవ్రమైన విషయంగా చూస్తుంది. నిజాయతీగా దిద్దబోయి ఆ అనుమానం కొనితెచ్చుకోకూడదు. కాబట్టి ఇంకా ఖరారు కాని 2023-24 పుస్తకాల్లో, ఏడాది చివరి తేదీతో రెండు జర్నల్ ఎంట్రీలు రాస్తారు.

మొదటిది: గోదాము భవనాల ఖాతాకు 12,00,000 డెబిట్, గత కాలపు సవరణల ఖాతాకు 12,00,000 క్రెడిట్. ‘2022 ఆగస్టులో కట్టించిన కొత్త గోదాము షెడ్డు ఖర్చును 2022-23లో భవనాల మరమ్మతుల ఖాతాలో పొరపాటున రాసినందున, ఇప్పుడు ఆస్తిగా చేర్చడమైనది’ అని దాని కింద వివరణ.

రెండవది: గత కాలపు సవరణల ఖాతాకు 1,20,000 డెబిట్, గోదాము భవనాల ఖాతాకు 1,20,000 క్రెడిట్. ‘పై షెడ్డుపై 2022-23 సంవత్సరానికి 10 శాతం తరుగుదల’ అని వివరణ.

క్రెడిట్‌ను నేరుగా మరమ్మతుల ఖాతాకు ఇవ్వకూడదా అన్న ప్రశ్న వస్తుంది. ఇవ్వకూడదు. 2022-23 మరమ్మతుల ఖాతా ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో కలిసి ముగిసిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో ఉన్నది 2023-24 మరమ్మతుల ఖాతా. దానికి 12 లక్షలు క్రెడిట్ ఇస్తే ఈ ఏడాది నిజంగా చేయించిన మరమ్మతులు మాయమై, నిల్వ తిరగబడుతుంది. సవరణ జరిగిన సంగతి కూడా లెక్కల్లో కనబడకుండా పోతుంది. భాగస్వామ్య సంస్థలకూ చిన్న కంపెనీలకూ వర్తించే ఐదవ అకౌంటింగ్ ప్రమాణం గత కాలపు అంశాలను ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలోనే, కానీ విడిగా, వాటి స్వభావమూ మొత్తమూ తెలిసేలా చూపమంటుంది. గత కాలపు సవరణల ఖాతా అందుకే. ఇండ్ ఏఎస్ పాటించే పెద్ద కంపెనీల పద్ధతి వేరు, అవి పాత ఏడాది అంకెలనే సవరించి మళ్లీ చూపాలి.

తరుగుదల శాతం విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఆస్తిని ఆ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే వర్తిస్తుంది. ఈ షెడ్డులో 2022 ఆగస్టు 25న ధాన్యం దించారని స్టాకు రిజిస్టరు చెబుతోంది. అక్కడి నుంచి మార్చి 31 వరకు 219 రోజులు. కాబట్టి భవనాలకు ఉన్న 10 శాతం పూర్తి రేటు దొరుకుతుంది. షెడ్డు నవంబరులో వాడుకలోకి వచ్చి ఉంటే 5 శాతమే. అందుకే లేఖతో పాటు బిల్లు ఒక్కటే పంపితే చాలదు, వాడకం మొదలైన తేదీకి రుజువూ కావాలి.

రెండు పద్దుల తర్వాత గత కాలపు సవరణల ఖాతాలో 10,80,000 రూపాయల క్రెడిట్ నిల్వ మిగులుతుంది. అది 2023-24 లాభనష్టాల ఖాతాలోకి వచ్చి ఆ ఏడాది లాభాన్ని అంతమేర పెంచుతుంది. ఇదే 10,80,000కు 2022-23లో పన్ను కట్టబోతున్నారు. 2023-24 ఆదాయ లెక్కలో దీన్ని లాభం నుంచి తీసేయకపోతే ఒకే మొత్తానికి రెండుసార్లు పన్ను పడుతుంది. అనుభవం ఉన్న అకౌంటెంట్లు కూడా పొరపడే చోటు ఇదే. పన్ను ఆడిట్ నివేదిక 3సీడీలో లాభనష్టాల ఖాతాకు చేరిన గత కాలపు ఆదాయ వ్యయాలను చూపడానికి 27(బి) అనే అంశం ఉంది. అక్కడ ఈ మొత్తం కనిపించాలి. ఆదాయ లెక్కలో అంతే మొత్తం తీసివేతగా కనిపించాలి. ఆ తీసివేతకు కారణమేమిటో లేఖలో ఉండాలి. 2023-24కు షెడ్డుపై తరుగుదల మిగిలిన విలువ 10,80,000 మీద 10 శాతం, అంటే 1,08,000. అది మామూలుగా ఆ ఏడాది రిటర్నులోకి వెళ్తుంది.

2022-23 పన్ను లెక్క ఇప్పుడు సులభం. తీసేసిన ఖర్చు 12,00,000 తిరిగి కలుస్తుంది, తరుగుదల 1,20,000 తగ్గుతుంది. ఆదాయం 38,40,000 నుంచి 49,20,000కు పెరుగుతుంది. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. పెరిగిన 10,80,000పై పన్ను 3,36,960. ముందస్తు పన్ను తక్కువ కట్టినట్టయింది కనుక 234బి సెక్షన్ కింద 2023 ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ. వడ్డీ లెక్కకు పన్నును కింది వందకు కుదించాలి, అంటే 3,36,900. 2024 సెప్టెంబరులోనే కట్టేస్తే 18 నెలలు, వడ్డీ 60,642. రెండూ కలిపి 3,97,602 రూపాయలు. మదింపు ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా ముందే చలానా కడితే ఆ మొత్తంపై వడ్డీ అక్కడితో ఆగుతుంది. లేఖకు అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది, మాటకు డబ్బు తోడు నిలుస్తుంది.

ఇక లేఖ. ఇప్పుడు మదింపులు చాలావరకు ముఖాముఖి లేకుండా, 144బి సెక్షన్ కింద ఆన్‌లైన్‌లో జరుగుతాయి. అధికారి ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. కాకినాడ కార్యాలయానికి వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పే అవకాశం లేదు. కోరితే వీడియో ద్వారా వాదన వినిపించవచ్చు, అయినా నిర్ణయం ప్రధానంగా పోర్టల్‌లో పెట్టిన కాగితాల మీదే నడుస్తుంది. మిల్లు సంగతి ఏమీ తెలియని మనిషి ఒక్కసారి చదివి, ఇంకో ప్రశ్న వేయనక్కర లేకుండా అర్థం చేసుకునేలా లేఖ ఉండాలి. దాని ప్రధాన భాగం ఈ తరహాలో ఉంటుంది:

‘అసెస్సింగ్ అధికారి గారికి. విషయం: 2023-24 మదింపు సంవత్సరం (2022-23 ఆర్థిక సంవత్సరం) రిటర్నులో భవనాల మరమ్మతుల కింద చూపిన ఖర్చులో రూ.12,00,000 ఉపసంహరణ, సవరించిన ఆదాయ లెక్క సమర్పణ.

పై సంస్థ తరఫున అధీకృత ప్రతినిధిగా ఈ వివరణ సమర్పిస్తున్నాను. ఈ సంవత్సరానికి మదింపు విచారణ తమ ముందు నడుస్తున్నది. ఇంతవరకు వచ్చిన ప్రశ్నావళిలో మరమ్మతుల ఖర్చుపై ప్రశ్న లేదు. 2023-24 లెక్కల ఆడిట్‌లో, బీమా పాలసీని స్థిరాస్తుల పట్టికతో సరిచూస్తుండగా ఈ పొరపాటు 2024 సెప్టెంబరులో సంస్థ దృష్టికి వచ్చింది.

2022 ఆగస్టులో కాంట్రాక్టరు ఇచ్చిన మూడు బిల్లుల్లో రెండు పాత గోదాముల పైకప్పు మరమ్మతులకు, ఒకటి కొత్త గోదాము షెడ్డు నిర్మాణానికి సంబంధించినవి. మూడింటినీ ఒకే ఖాతాలో రాయడం వల్ల కొత్త షెడ్డు ఖర్చు రూ.12,00,000 కూడా మరమ్మతుగా చూపబడింది. ఇది మూలధన వ్యయమని సంస్థ అంగీకరిస్తున్నది. మిగిలిన రెండు బిల్లులు మరమ్మతులకే చెందినవి, వాటిని సంస్థ అలాగే కోరుతున్నది.

సంస్థ తన 2023-24 పుస్తకాల్లో జతచేసిన రెండు జర్నల్ ఎంట్రీల ద్వారా ఈ తప్పును సరిదిద్దింది. ఆ పద్దుల వల్ల 2023-24 లాభంలో చేరిన రూ.10,80,000, ఇప్పుడు 2022-23కు అంగీకరిస్తున్న ఆదాయమే కనుక, 2023-24 ఆదాయ లెక్కలో దానిని మినహాయించడం జరుగుతుంది.

షెడ్డు 2022 ఆగస్టు 25 నుంచి వాడుకలో ఉంది. 32వ సెక్షన్ ఐదవ వివరణ ప్రకారం తరుగుదల కోరినా కోరకపోయినా అనుమతించవలసినది కనుక, రూ.1,20,000 తరుగుదలను అనుమతించి, ఆదాయాన్ని రూ.49,20,000గా మదింపు చేయవలసిందిగా కోరుతున్నాము. తేడా పన్ను, వడ్డీ చెల్లించిన చలానా జతచేయడమైనది.’

ఈ లేఖలో ఐదవ వివరణ ప్రస్తావన ఎందుకంటే, రిటర్నులో కోరని కొత్త మినహాయింపును మామూలు ఉత్తరం ద్వారా కోరితే అసెస్సింగ్ అధికారి అంగీకరించనక్కర లేదని గోయెట్జ్ ఇండియా కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. రిటర్నులో షెడ్డు ఆస్తిగా లేదు, దానిపై తరుగుదల కోరలేదు. 12 లక్షలు కలిపేసి, తరుగుదల మాత్రం సవరించిన రిటర్నులో కోరలేదంటూ పక్కన పెట్టే ప్రమాదం ఉంది. తరుగుదల అన్నది కోరితే ఇచ్చే రాయితీ కాదు, తప్పనిసరిగా లెక్కగట్టవలసినదని ఆ వివరణ చెబుతుంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే సంస్థ 1,20,000 రూపాయల తరుగుదల పోగొట్టుకోవచ్చు.

మిగిలిన రెండు బిల్లులు మరమ్మతులవేనని చెప్పడం కూడా ముఖ్యమే. ఒక బిల్లు తప్పని ఒప్పుకోగానే ఆ ఖాతా మొత్తం మీద అనుమానం పడటం సహజం. ఏది వదులుకుంటున్నారో, ఏది నిలబెట్టుకుంటున్నారో విడదీసి చెప్పాలి.

ఏ కాగితాలు జతచేయాలన్నది కూడా ఈ వరుసనే అనుసరిస్తుంది. లేఖలోని ప్రతి వాక్యానికి వెనక ఒక కాగితం ఉండాలి. మూడు బిల్లులు, కాంట్రాక్టరుకు చెల్లించినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, 2022-23 మరమ్మతుల ఖాతా నకలు, బీమా పాలసీ, ఆగస్టు 25 నాటి స్టాకు రిజిస్టరు పేజీ, జర్నల్ ఎంట్రీల నకలు, పాత, సవరించిన ఆదాయ లెక్కలు పక్కపక్కనే, చలానా. వాస్తవాలు నిజమని ధ్రువీకరించేది మాత్రం అకౌంటెంట్ కాదు, మేనేజింగ్ భాగస్వామి. అకౌంటెంట్ ప్రతినిధిగా వివరించగలడు గానీ షెడ్డు ఎప్పుడు కట్టించారో తన సొంత ఎరుకతో చెప్పలేడు. భాగస్వామి సంతకంతో చిన్న ధ్రువపత్రం ఉంటే ఆ లోటు తీరుతుంది.

కాంట్రాక్టరు నుంచి గానీ సిమెంటు, ఇనుము కొన్నప్పుడు గానీ కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకుని ఉంటే పని ఇంకా ఉంటుంది. స్థిరాస్తి నిర్మాణానికీ, ఆస్తిగా చేర్చిన మేరకు మరమ్మతులకూ జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ క్రెడిట్‌ను నిషేధిస్తుంది. మరమ్మతుగా ఉన్నంత కాలం నిలిచిన క్రెడిట్, అదే ఖర్చు ఆస్తిగా మారగానే నిలవదు. ఆదాయపు పన్ను అధికారికి ఇచ్చిన లేఖ రేపు జీఎస్టీ అధికారి ముందుకు రాదని అనుకోకూడదు. ఈ మిల్లు ఆ క్రెడిట్ తీసుకోలేదు. తీసుకుని ఉంటే, వాడుకున్న మేరకు వడ్డీతో వెనక్కి కట్టి, ఆ సంగతి లేఖలోనూ రాయాలి.

అందరినీ భయపెట్టేది జరిమానా. 270ఎ సెక్షన్ కింద ఆదాయాన్ని తక్కువ చూపితే ఆ మేరకు పన్నులో 50 శాతం, ఇక్కడ 1,68,480 రూపాయలు. వాస్తవాలను దాచడం, తప్పుడు పద్దులు రాయడం వంటివి ఉండి, తప్పుడు నివేదనగా తేలితే 200 శాతం, అంటే 6,73,920. అయితే వివరణ సదుద్దేశంతో కూడినదని అధికారి సంతృప్తి చెంది, దానికి మద్దతుగా వాస్తవాలన్నీ బయటపెట్టి ఉంటే, ఆ మొత్తాన్ని తక్కువ చూపిన ఆదాయంగా పరిగణించనక్కర లేదని అదే సెక్షన్ ఆరవ ఉపవిభాగం చెబుతుంది. తప్పు ఎలా జరిగిందో, ఎవరు ఎప్పుడు ఎలా పట్టుకున్నారో లేఖలో వివరంగా రాయడం ఇందుకోసమే. ‘పొరపాటున జరిగింది, మన్నించగలరు’ అన్న వాక్యం ఈ పని చేయదు.

పాత చట్ట నిబంధనల కింద వచ్చిన రెండు సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 2012లో ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ కేసు. గ్రాట్యుటీ కోసం కేటాయించిన మొత్తం పన్ను లెక్కలో మినహాయించకూడనిదని సంస్థ దాఖలు చేసిన ఆడిట్ నివేదికలోనే ఉంది, కానీ రిటర్ను తయారుచేసేటప్పుడు దాన్ని ఆదాయానికి కలపడం మరిచిపోయారు. అంత పెద్ద సంస్థ కూడా పొరపాటు చేయగలదని, జాగ్రత్త లోపించడం వేరు, ఆదాయం దాచడం వేరని చెప్పి కోర్టు జరిమానా కొట్టేసింది. మరుసటి ఏడాది మాక్ డేటా కేసులో సంగతి తలకిందులైంది. అనుబంధ సంస్థలో సర్వే జరిగి కాగితాలు దొరికి, వాటిపై శాఖ ప్రశ్నించాక, వివాదం వద్దు, మనశ్శాంతి కావాలి అంటూ ఆ సంస్థ కొంత ఆదాయాన్ని ఒప్పుకుంది. అలాంటి మాటలు వివరణ కాదని, శాఖకు దొరికాక ఒప్పుకున్నది స్వచ్ఛందం కాదని కోర్టు జరిమానాను నిలబెట్టింది. మొదటి కేసులో తప్పు కాగితాల మీదే కనబడుతోంది. రెండో దాంట్లో శాఖ తవ్వి తీయవలసి వచ్చింది. మిల్లు లేఖలో ‘మరమ్మతులపై ప్రశ్న లేదు’ అన్న వాక్యానికి ఉన్న బలం అదే. ఆ ప్రశ్న అప్పటికే వచ్చి ఉంటే ఆ వాక్యం రాయకూడదు. ప్రశ్న వచ్చిన తేదీ చెప్పి, దానికి సమాధానంగానే వాస్తవాలు పెట్టాలి. పోర్టల్‌లో ప్రతి నోటీసుకూ ప్రతి జవాబుకూ తేదీ ఉంటుంది, తప్పుడు వాక్యం అక్కడే పట్టుబడుతుంది.

జరిమానా ప్రక్రియ మొదలైనా ఇంకో అవకాశం ఉంటుంది. పన్ను, వడ్డీ గడువులో కట్టి, మదింపు ఉత్తర్వుపై అప్పీలు వేయకపోతే, 270ఎఎ సెక్షన్ కింద జరిమానా నుంచి విముక్తి కోరవచ్చు. ఉత్తర్వు అందిన నెల ముగిశాక ఒక నెలలోపు 68వ నంబరు ఫారంలో దరఖాస్తు చేయాలి. తప్పుడు నివేదన అని ముద్ర పడిన కేసులకు ఇది వర్తించదు.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. 2022-23 వంటి పాత సంవత్సరాలకు మాత్రం 1961 చట్టమే వర్తిస్తుంది. కాబట్టి పాత ఏడాది తప్పుకు రాసే లేఖలో పాత సెక్షన్ల సంఖ్యలే ఉండాలి.

మదింపు ఉత్తర్వు రాగానే అకౌంటెంట్ మూడు అంకెలు సరిచూడాలి: ఆదాయం 49,20,000గా ఉందా, తరుగుదల 1,20,000 అనుమతించారా, చలానా మొత్తం జమ చూపారా. ఏదైనా తేడా ఉంటే, అది లెక్కల తప్పు అయితే, అప్పుడు 154వ సెక్షన్ పనికొస్తుంది. అన్నీ సరిగా ఉంటే 2024-25 తరుగుదల పట్టికలో ఈ షెడ్డు ప్రారంభ విలువ 9,72,000 రూపాయలు.